కీబోర్డు పనిచేస్తోంది, మానిటర్ వెలగడం లేదు

ఫోన్‌కి యూఎస్‌బీ-సి హబ్ తగిలించి, దానికి మానిటర్, కీబోర్డు, మౌస్ కలిపితే ఫోనే కంప్యూటర్‌లా పనిచేస్తుందని విని హబ్ కొన్నవాళ్లలో చాలామంది ఒకేచోట ఆగిపోతారు. కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు ఫోన్‌లో పడుతుంటాయి. మౌస్ కదిపితే ఫోన్ తెర మీద బాణం గుర్తు తిరుగుతుంటుంది. మానిటర్ మీద మాత్రం ‘No Signal’ అని వచ్చి ఆరిపోతుంది. హబ్ పాడైందనుకుని షాపులో మార్చుకుని ఇంకోటి తెస్తారు. అదీ అంతే. ఇలాంటప్పుడు లోపం సాధారణంగా హబ్‌లో ఉండదు. బొమ్మను బయటికి పంపే ఏర్పాటు ఆ ఫోన్‌లోనే లేదు.

సి-పోర్టులో 24 పిన్నులుంటాయి. వాటిలో కొన్ని కరెంటుకి. కొన్ని పాత యూఎస్‌బీ 2.0 డేటాకి, కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ వీటి మీదే నడిచిపోతాయి కాబట్టి దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలించినా పలుకుతాయి. బొమ్మ వెళ్లేది వేరే దారిన. వేగంగా డేటా పంపడానికి నాలుగు జతల లైన్లుంటాయి. హబ్ తగలగానే అదీ ఫోనూ మరో చిన్న లైను మీద సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఫోన్ ఒప్పుకుంటే ఆ వేగపు లైన్లలో కొన్నిటిని, లేదా నాలుగింటినీ, డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌కి అప్పగిస్తుంది. హబ్‌లోని చిప్ దాన్ని హెచ్‌డీఎంఐగా మార్చి మానిటర్‌కి అందిస్తుంది. దీని పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. ధర తగ్గించుకోవడానికి చాలా కంపెనీలు ఆ వేగపు లైన్లను ఫోన్ లోపల కలపనే కలపవు. కలపనిదాన్ని ఏ సెట్టింగూ తెచ్చిపెట్టలేదు. డిస్‌ప్లేలింక్ అనే చిప్ ఉన్న డాక్ కొని, దాని యాప్ వేసుకుంటే ఇలాంటి ఫోన్ బొమ్మ కూడా మానిటర్ మీదికి వస్తుంది గానీ, అది ఫోన్ తెరకి నకలే. విడిగా డెస్క్‌టాప్ రాదు.

అందుకే హబ్ ధర చూసేముందు ఫోన్ స్పెసిఫికేషన్ చూడాలి. యూఎస్‌బీ అన్న వరుసలో 3.1 లేదా 3.2 అని, దాని పక్కనే డిస్‌ప్లేపోర్ట్ అని ఉందా? ఉంటే బొమ్మ వస్తుంది. ఒట్టి 2.0 అని ఉంటే ఆశ వదులుకోవాలి. ‘ఓటీజీ ఉంది’ అన్న దుకాణదారు మాట కీబోర్డు వరకే హామీ.

బొమ్మ వచ్చినంత మాత్రాన డెస్క్‌టాప్ వచ్చినట్టు కాదు. ఐఫోన్ 15 నుంచి సి-పోర్టు ఉంది, బొమ్మా వస్తుంది, కానీ ఫోన్ తెరే పెద్దగా కనిపిస్తుంది. కిటికీలు, కింద టాస్క్‌బార్ ఉండే డెస్క్‌టాప్ కావాలంటే ఫోన్‌లో అందుకు తగిన సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. శామ్‌సంగ్ 2017లో గెలాక్సీ ఎస్8తో ‘డెక్స్’ పేరిట దీన్ని తెచ్చింది. మొదట్లో దానికి ప్రత్యేక డాక్ కావాల్సి వచ్చేది. 2018 నాటి నోట్ 9 నుంచి మామూలు హెచ్‌డీఎంఐ అడాప్టర్ చాలు. ఎస్, నోట్, ఫోల్డ్ వరుసల్లో ఇది ఉంటుంది. ఎక్కువగా అమ్ముడయ్యే ఎ, ఎం వరుసల ఫోన్లలో మాత్రం దాదాపుగా ఉండదు. మోటరోలా ఖరీదైన ఫోన్లలో ఇలాంటిదే ఉంది. పిక్సెల్ 8 నుంచి బొమ్మ బయటికి వస్తోంది, ఆండ్రాయిడ్ 16తో గూగుల్ కూడా డెస్క్‌టాప్ దారి పట్టింది.

ఇక చేతిలో పాత గెలాక్సీ ఎస్21 ఉందనుకుందాం. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒకటి, వైరు కీబోర్డు, వైరు మౌస్. వీటికి కావలసిన హబ్ చిన్నదే: ఒక హెచ్‌డీఎంఐ, రెండు మామూలు యూఎస్‌బీ పోర్టులు, ఛార్జర్ గుచ్చడానికి ‘PD’ అని రాసి ఉన్న సి-పోర్టు. హబ్‌కి తన సొంత వైరు అతికి ఉన్నది తీసుకోవడం మేలు. వైరు విడిగా ఉండే డాక్ అయితే, ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుల్ వాడబోతారు. అలాంటి కేబుళ్లలో చాలావాటికి వేగపు లైన్లే ఉండవు. ఫోన్ మంచిదే, డాక్ మంచిదే, అయినా తెర చీకటి.

ముందు ఛార్జర్‌ని హబ్‌కి కలపండి. తర్వాత మానిటర్ కేబుల్ పెట్టి, మానిటర్ బటన్లతో సరైన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఎంచుకోండి. కీబోర్డు, మౌస్ పెట్టండి. అన్నీ అయ్యాక చివర్లో హబ్‌ని ఫోన్‌కి గుచ్చండి. ఫోన్ మీద డెక్స్ మొదలుపెట్టమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మానిటర్ మీద డెస్క్‌టాప్ వస్తుంది. ఫోన్ తెర ఫోన్‌దే. ఫోన్ వస్తే మాట్లాడొచ్చు, మౌస్ లేకపోతే ఆ తెరనే టచ్‌ప్యాడ్‌గా వాడుకోవచ్చు. పాట పెట్టినప్పుడు శబ్దం రాకపోతే కంగారు పడొద్దు. శబ్దం కూడా హెచ్‌డీఎంఐలో మానిటర్‌కి వెళ్లిపోయింది, ఆ మానిటర్‌కి స్పీకర్లు లేవు. డెక్స్ సెట్టింగుల్లో శబ్దాన్ని ఫోన్‌కి తిప్పుకోవాలి.

ఛార్జర్‌ని ముందే పెట్టమనడానికి కారణం ఉంది. ఛార్జర్ లేకపోతే హబ్‌కి, కీబోర్డుకి కరెంటు ఇచ్చేది ఫోనే. మధ్యలో ఛార్జర్ గుచ్చితే ఇచ్చేవాడు పుచ్చుకునేవాడు అవ్వాలి. ఆ మార్పిడిలో చాలా హబ్‌లు ఒక్క క్షణం తెగి మళ్లీ కలుస్తాయి, తెర ఆరి వెలుగుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు కాపీ అవుతుంటే అది పాడవొచ్చు. ఛార్జర్ పీడీ రకానిది, కనీసం 25 వాట్లది ఉండాలి. 45 అయితే నిశ్చింత, ఎందుకంటే హబ్ తన వాటా తీసుకున్నాకే మిగిలింది ఫోన్‌కి పంపుతుంది. మామూలు పాత ఛార్జర్ పెడితే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే బ్యాటరీ శాతం తగ్గుతుండవచ్చు. అరగంట గడిచాక శాతం ఒకసారి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఫోన్ వేడెక్కుతుంది కూడా. కవర్ తీసి ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి. వేడి మరీ పెరిగితే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, టైపు చేసిన అక్షరం ఆలస్యంగా పడుతుంది.

హబ్ పెట్టె మీద ‘4K’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చవక హబ్‌లు రెండు జతల లైన్లనే బొమ్మకిచ్చి, మిగతా రెంటిని యూఎస్‌బీకి ఉంచుతాయి. ఆ రెంటిలో 4కే బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ వస్తున్నట్టు కనిపిస్తుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి మాత్రం ఆ రెండూ ధారాళంగా సరిపోతాయి, 60 వస్తుంది.

వైర్‌లెస్ మౌస్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. యూఎస్‌బీ 3 వేగంతో డేటా నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర రేడియో రొద పుడుతుంది. మౌస్ రిసీవర్ వినేది కూడా అక్కడే. హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడే బాణం గెంతుతోందంటే కారణం ఇదే. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో హబ్‌కి దూరంగా జరిపితే సర్దుకుంటుంది.

ఇంతా అమర్చాక కూడా లోపల నడిచేది ఆండ్రాయిడే. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, మెయిల్, బ్రౌజర్‌లో దరఖాస్తులు, ఆన్‌లైన్ క్లాసులు హాయిగా సాగుతాయి. డీటీపీ సెంటర్‌లో వాడే పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడవవు, అవి విండోస్ కోసం చేసినవి. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌ని హబ్‌కి గుచ్చినా, దాని డ్రైవర్ సాధారణంగా కంప్యూటర్ కోసమే ఉంటుంది. టెండర్లు, కంపెనీ రిటర్నులు వేసేవాళ్లు ఇది చూసుకున్నాకే ల్యాప్‌టాప్ వదలాలి.