ఈద్ తోరణంతో పెట్టే చీటీలో ఏమి వ్రాయాలి?

రంజాన్ మాసానికి ఇంకా నెల రోజులుందనగా మా పూర్వ విద్యార్థిని ఒకామె చిన్న చీటీ పట్టుకొని మా వద్దకు వచ్చింది. ఆమె ఇంటి వద్దనే నెలవంకలు, నక్షత్రాలు కత్తిరించి, తోరణాలుగా గ్రుచ్చి అమ్ముతున్నది. తోరణంతోపాటు పెట్టే చీటీలో భాషా దోషాలుంటే దిద్దిపెట్టమని కోరింది. అందులో ఇలా ఉన్నది: “పర్యావరణ హితమైన, ప్రకృతిసిద్ధమైన ఈద్ తోరణం. ప్లాస్టిక్ లేదు. నూటికి నూరు శాతం మట్టిలో కలిసిపోతుంది.”

అక్షర దోషాలు రెండే. వాటిని దిద్దిన తరువాత, “ఈ మాటలు నీవు రుజువు చేయగలవా అమ్మా?” అని అడిగాము.

“అందరూ ఇలాగే వ్రాస్తున్నారు, హజ్రత్” అన్నది.

అందరూ వ్రాస్తున్న మాట వాస్తవమే. అందుకే 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయమై మార్గదర్శకాలు జారీ చేసింది. పర్యావరణ హితం, హరితం, సహజం వంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా ప్రకటనలలో వాడరాదని వాటి సారాంశం. చెప్పే గుణం వస్తువంతటికీ వర్తిస్తుందా, అందులో ఒక భాగానికా, లేక పైన చుట్టిన కవరుకు మాత్రమేనా అన్నది కూడా స్పష్టం చేయాలి. ఇంటి నుండి అమ్మేవారికి ఇది పెద్ద భారమనిపించవచ్చు. కాని తోరణాన్ని విడదీసి చూస్తే పని సులువే.

మేము అలాగే చేశాము. మొదట బంగారు రంగు నక్షత్రం. అట్టను చింపితే అంచు వద్ద పలుచని పొర సాగింది. ఒక ముక్కను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉదయం వ్రేళ్ళతో నలిపితే కాగితం గుజ్జయి రాలిపోయింది, పారదర్శకమైన పొర ఒకటి చేతిలో మిగిలింది. అది ప్లాస్టిక్ లామినేషన్. కొన్ని నెలవంకలపై చల్లిన మెరుపు పొడి కూడా సాధారణంగా ప్లాస్టిక్ పొరను సన్నగా తరిగినదే. ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న మాట అక్కడే వీగిపోయింది.

తరువాత దారం. దుకాణదారు నూలు దారమనే ఇచ్చాడట. కొద్దిగా త్రెంచి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ళ పళ్ళెంపై వెలిగించాము. నూలయితే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద కావాలి. ఇది కరిగి, చివర నల్లని గట్టి పూసగా మారింది: పాలిస్టర్. నూలు, పాలిస్టర్ కలిసిన దారమైతే ఏది ఎంత పాలు ఉన్నదో ఈ పరీక్ష తేల్చదు. అటువంటప్పుడు ‘నూలు’ అని వ్రాయకపోవడమే మంచిది.

మిగిలిన నెలవంకలు గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితంతో చేసినవి. ‘పాత కాగితం నుండి తయారైనది’ అని వ్రాయాలని ఆమె కోరిక. రంగు చూసి ఆ సంగతి చెప్పలేము. కొత్త గుజ్జుతో చేసిన క్రాఫ్ట్ కాగితం కూడా అదే రంగులో ఉంటుంది. బిల్లు మీద ‘క్రాఫ్ట్ పేపర్’ అని మాత్రమే ఉన్నది. చీటీలోనూ అంతే ఉండాలి. ఇక తోరణాన్ని పెట్టి ఇచ్చే సంచి పాలిథిన్‌ది! ‘ప్లాస్టిక్ లేదు’ అన్న చీటీ ఆ సంచిలోనే ఉన్నది.

ఆమె నొచ్చుకున్నది కాని, వారం రోజులలో దారం మార్చింది. కొత్త దారాన్ని తానే కాల్చి చూసుకున్నది. సంచికి బదులు కాగితపు కవరు తెచ్చింది. అప్పుడు ఇద్దరమూ కూర్చొని చీటీ తిరిగి వ్రాశాము:

“ఈద్ తోరణం. పొడవు 2 మీటర్లు. 12 నెలవంకలు: క్రాఫ్ట్ కాగితం, లామినేషన్ లేదు, మెరుపు పొడి లేదు. దారం: నూలు. కవరు: కాగితం. తడి తగలనీయకండి. పండుగ తరువాత మడిచి దాచుకోవచ్చు. మా ఇంట్లో ఇదే రకం నెలవంకలను 2 సంవత్సరాలుగా కడుతున్నాము.”

చివరి వాక్యం ఆమెదే. దానిని అలాగే ఉంచాము, ఎందుకంటే ఆ పాత నెలవంకలు ఆమె ఇంట్లో ఉన్నాయి, ఎవరడిగినా చూపగలదు. ‘ఎన్నేళ్ళయినా పాడవదు’ అని వ్రాసి ఉంటే కొట్టివేసేవారము.

మిగిలిపోయిన బంగారు నక్షత్రాల సంగతేమిటని ఆమె అడిగింది. డబ్బు పెట్టి కొన్నది, పారవేయలేదు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగలగా, ఆ తడిసిన గింజలను జనానికి కనిపించేటట్లు పైన ఎందుకు పెట్టలేదని దైవప్రవక్త (స) ఆ వ్యాపారిని ప్రశ్నించిన సంఘటన ఆమె మా తరగతిలో చదివినదే. నక్షత్రాలను వేరుగా కట్టి, పైనే వ్రాసింది: “బంగారు పూత మీద ప్లాస్టిక్ పొర ఉన్నది. నీళ్ళలో గాని మట్టిలో గాని కరగదు.” పండుగ ముందురోజుకి వాటిలో మూడు కట్టలు మిగిలాయి.