లోన్ యాప్ ఫార్మలా.. ఇన్‌ఫార్మలా? టెన్త్ ఎకనామిక్స్ ప్రశ్నకు అసలు జవాబు ఇదీ!

బాచుపల్లిలో సీబీఎస్ఈ టెన్త్ చదివే పిల్లలందరికీ ఎకనామిక్స్‌లో 'మనీ అండ్ క్రెడిట్' పాఠం ఉంది. బ్యాంకులు, సహకార సంఘాలు ఇస్తే ఫార్మల్ అప్పు. వడ్డీ వ్యాపారి, యజమాని, బంధువులు ఇస్తే ఇన్‌ఫార్మల్. ఇంతవరకు ఓకే. మరి ఫోన్‌లో ఐదు నిమిషాల్లో డబ్బులేసే లోన్ యాప్?

ఆధార్ అడిగింది, డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడింది కాబట్టి ఫార్మల్ అని రాస్తే మార్కు పోయినట్టే! అప్పిచ్చినవాళ్లపై రిజర్వ్ బ్యాంక్ పర్యవేక్షణ ఉందా లేదా అన్నదే పాయింట్. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎంత వడ్డీ వేశారో బ్యాంకులు ఆర్‌బీఐకి లెక్క చెప్పాలి. వడ్డీ వ్యాపారికి ఆ బాధ లేదు. అన్నట్టు, వడ్డీ లేకుండా చేబదులిచ్చే పిన్ని కూడా ఇన్‌ఫార్మలే. ఇన్‌ఫార్మల్ అంటే దోపిడీ అనే అర్థం కాదు.

ఈ తేడా మన దగ్గర గట్టిగానే తెలిసొచ్చింది. 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులతో ఆత్మహత్యలు జరగడంతో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్ట్ చేశారు.

ఆ యాప్‌ల లెక్క ఎలా ఉంటుందో ఓ ఉదాహరణ చూడండి. 10 వేలు అప్పు అంటారు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో 3 వేలు ముందే కోసేసి 7 వేలే వేస్తారు. వారం తిరిగేసరికి 10 వేలు కట్టాలి. అంటే చేతికొచ్చిన 7 వేలకు ఏడు రోజుల ఖర్చు 3 వేలు. అదే 7 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే వారానికి పడేది దాదాపు 49 రూపాయలు. బ్యాంకులో ఏడాదికి 12 శాతమైతే 16 రూపాయలు. మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే ఆ యాప్‌ది నూటికి నెలకు 180 రూపాయల పైనే వడ్డీ! ఫీజును వడ్డీ అనకపోవడమే ఇక్కడ ట్రిక్.

పాఠంలో 'పూచీకత్తు' అని ఇంకో మాట ఉంటుంది. బ్యాంకు ఇంటి కాగితాలో, బంగారమో అడుగుతుంది. ఈ యాప్‌లు ఏమీ అడగనట్టే ఉండి కాంటాక్ట్ లిస్టు, గ్యాలరీకి పర్మిషన్ తీసుకుంటాయి. కట్టకపోతే బంధువులకు, ఆఫీసువాళ్లకు ఫోన్లు. అసలు తాకట్టు పెట్టుకున్నది పరువునే.

అందుకే 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ రూల్స్ తెచ్చింది. ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు ముందే చూపించాలి. కాంటాక్ట్స్, గ్యాలరీ జోలికి వెళ్లకూడదు. అయితే ఈ రూల్స్ ఆర్‌బీఐ పరిధిలోని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, వాటి తరఫున నడిచే యాప్‌లకే. దొంగ యాప్ వీటిని పట్టించుకోదు.

కాబట్టి యాప్ పేరు చూసి ఏదీ తేల్చలేం. అప్పు ఇస్తున్న బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరేంటో అగ్రిమెంట్‌లో వెతకండి. ఆ పేరు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉందో లేదో, యాప్‌తో సంబంధం ఉన్నట్టు ఆ కంపెనీ చెబుతోందో లేదో చూడండి. పేరే లేకపోతే అది ఇన్‌ఫార్మల్. వేధింపులు ఇప్పటికే మొదలైతే 1930కి కాల్ చేయండి, sachet.rbi.org.inలోనూ ఫిర్యాదు చేయొచ్చు.