ఎన్‌ఎంఎంఎస్ రాశారా? పాసైతే సరిపోదు.. ఈ రెండో మెట్టు మర్చిపోతే రూ.48 వేలు పోయినట్టే!

స్కూళ్లలో ఒలింపియాడ్, టాలెంట్ టెస్ట్ అంటూ చాలా పరీక్షలు జరుగుతుంటాయి. ఎక్కువ వాటిలో చివరికి చేతికొచ్చేది సర్టిఫికెట్, మెడల్. కానీ ప్రభుత్వ బడి పిల్లలకు నేరుగా డబ్బు ఇచ్చే పరీక్ష ఒకటుంది. అదే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, అంటే ఎన్‌ఎంఎంఎస్. సెలెక్ట్ అయితే 9వ తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ వరకు ఏడాదికి రూ.12 వేలు.

ఎవరు రాయొచ్చు?

విజయనగరం జిల్లా గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్‌లో 8వ తరగతి చదువుతోందనుకుందాం. ఇంటి ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు దాటకూడదు. 7వ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకైతే 50 శాతం చాలు. ప్రైవేట్ స్కూల్, నవోదయ, కేంద్రీయ విద్యాలయం, గురుకులాల పిల్లలకు అవకాశం లేదు.

దరఖాస్తు ఎలా?

ఇంట్లో కూర్చుని చేసేది కాదు. హెడ్మాస్టరే స్కూల్ లాగిన్‌తో bse.ap.gov.in లో వివరాలు నింపుతారు. చాలా ఇబ్బందులు మొదలయ్యేది ఇక్కడే. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, దరఖాస్తులో ఒక్క అక్షరమే ఉంటే తర్వాత డబ్బు దగ్గర చిక్కే. అందుకే సబ్మిట్ చేసే ముందు ప్రింటవుట్ తీసుకుని ఆధార్ కార్డు పక్కన పెట్టి చూసుకోవాలి.

పరీక్ష ఎలా ఉంటుంది?

మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు, మొత్తం 180. అర్హతకు 40 శాతం, అంటే 72 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. అయితే 72 వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ ఖాయం కాదు. రాష్ట్రానికి ఉన్న స్కాలర్‌షిప్‌లు 4,087 మాత్రమే. వాటిని జిల్లా కోటా, రిజర్వేషన్, మెరిట్ ప్రకారం ఇస్తారు.

అసలు మెట్టు ఇదే

లిస్ట్‌లో పేరు రాగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటే. 9వ తరగతిలో చేరాక scholarships.gov.in లో విద్యార్థి పేరుతో మళ్లీ దరఖాస్తు పెట్టాలి. దాన్ని ముందు స్కూల్, తర్వాత జిల్లా విద్యాశాఖ ఆమోదించాలి. గడువులోగా ఈ రెండూ పూర్తి కాకపోతే డబ్బు రాదు. దరఖాస్తు పెట్టి వదిలేయకుండా పోర్టల్‌లో స్టేటస్ చూస్తుండాలి. స్కూల్ దగ్గరే పెండింగ్ అని ఉంటే వెంటనే హెడ్మాస్టర్‌ను కలవాలి. డబ్బు పడాలంటే విద్యార్థి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండాలి.

ఏటా రెన్యువల్ తప్పనిసరి. ఇంటర్‌లోనూ కొనసాగాలంటే పదో తరగతిలో 60 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం. పదో తరగతి తర్వాత ప్రైవేట్ జూనియర్ కాలేజీలో చేరినా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.