ముల్లు గుచ్చుకున్న చోట మానని పుండు: ఇట్రాకొనజోల్ నెలల తరబడి ఎందుకు వేసుకోవాలి?

పై వీడియోలో నిమ్మ కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకి మందపాటి తోలు గ్లవ్స్ వేసుకున్నాను కదా, దాని వెనకున్న కారణం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముల్లు గుచ్చుకోవడం మనకి రోజూ ఉండేదే. చాలాసార్లు రెండు మూడు రోజుల్లో మానిపోతుంది. కానీ ఒక్కోసారి ముల్లుతోపాటు ఒక బూజు చర్మం లోపలికి వెళ్ళిపోతుంది. దానివల్ల వచ్చే జబ్బు పేరు స్పోరోట్రైకోసిస్. దీనికి మందు ఉంది, నయమవుతుంది. చిక్కల్లా మందు ఎన్నాళ్ళు వేసుకోవాలన్న దగ్గరే. పుండు ఆరగానే మానేస్తే జబ్బు మళ్ళీ తిరగబెట్టొచ్చు.

ఈ బూజు ఎక్కడుంటుంది?

దీని పేరు స్పోరోథ్రిక్స్. మట్టిలో, కుళ్ళుతున్న గడ్డిలో, ఎండాకుల్లో, చెట్ల బెరడు మీద, ముళ్ళ మీద ఉంటుంది. మనం ఆచ్ఛాదనకి వాడే సరుకంతా దీనికి ఇల్లే. అలాగని ఆచ్ఛాదన మానేయక్కర్లేదు. చర్మం చీరుకుంటే తప్ప మామూలుగా ఇది చర్మంలోకి చేరలేదు.

1988లో అమెరికాలో 84 మందికి ఒకేసారి ఈ జబ్బు వచ్చింది. మొక్కల వేర్లు ఆరిపోకుండా చుట్టిన నాచు ద్వారా అది అంటుకుంది. కడియం వైపు నర్సరీల్లో పనిచేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో ఈ జబ్బు హిమాలయాల దిగువ ప్రాంతాల్లో, ముఖ్యంగా హిమాచల్ ప్రదేశ్‌లో ఎక్కువ. మన గోదావరి వైపు అరుదు కాబట్టి మొదట ఎవరికీ ఈ అనుమానం రాదు.

ఎలా మొదలవుతుంది?

మా సామర్లకోట దగ్గర నిమ్మతోట ఉన్న ఒక రైతు సంగతి చెప్తాను. కుడిచేతి చూపుడువేలికి ముల్లు దిగింది. గాయం మానిపోయింది. మూడు వారాలకి అదే చోట శనగగింజంత బొడిపె లేచింది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. కొన్నాళ్ళకి అది చితికి రసి కారింది. రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడినా తగ్గలేదు. ఈలోగా మణికట్టు దగ్గర ఒకటి, ముంజేతి మీద రెండు, పూసలు గుచ్చినట్టు వరసగా బొడిపెలు వచ్చాయి.

ఆ వరసే అసలు గుర్తు. చర్మం కింద శోషరస నాళాలు చేతి వేళ్ళ నుంచి పైకి వెళ్తాయి. బూజు ఆ నాళాల దారినే పాకుతుంది. ముల్లు గుచ్చుకున్నాక వారం నుంచి మూడు నెలల లోపు ఎప్పుడైనా ఇది బయటపడొచ్చు. అందుకే చాలామందికి ముల్లు సంగతే గుర్తుండదు. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "ఫలానా నెలలో ఇక్కడ ముల్లు దిగిందండి" అని.

పరీక్ష లేకుండా మందు మొదలుపెట్టొద్దు

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్ళకి గాయం ద్వారా సోకే ఒక బ్యాక్టీరియా ఉంది. అది క్షయ బ్యాక్టీరియాకి దగ్గర చుట్టం. అది కూడా చేతి మీద అచ్చం ఇలాగే బొడిపెల వరస తెస్తుంది. దానికి ఇట్రాకొనజోల్ పనిచెయ్యదు, వేరే మందులు కావాలి. చర్మానికి వచ్చే క్షయ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది.

కాబట్టి చర్మవ్యాధుల డాక్టరు పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తారు. ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఇంకోటి శుభ్రమైన సెలైన్‌లో వెళ్ళాలి. ఫార్మలిన్ బూజుని చంపేస్తుంది కాబట్టి ఆ ముక్కతో కల్చర్ చెయ్యడం కుదరదు. ముక్కలో బూజు కణాలు చాలా తక్కువగా ఉంటాయి, సూక్ష్మదర్శినిలో కనపడకపోవచ్చు. కల్చర్‌లో పెరిగితేనే గట్టి రుజువు. దానికి వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది. మా రైతుకి కల్చర్‌లోనే తేలింది.

మోతాదు

చర్మానికే పరిమితమైన జబ్బుకి పెద్దవాళ్ళకి మామూలుగా ఇచ్చేది రోజుకి 200 మిల్లీగ్రాముల ఇట్రాకొనజోల్. అంటే 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ రెండు. బొడిపెలన్నీ పూర్తిగా పోయాక కూడా ఇంకో 2 నుంచి 4 వారాలు వేసుకోవాలి. మొత్తం మీద 3 నుంచి 6 నెలలు అవుతుంది. తగ్గకపోతే డాక్టరు మోతాదు పెంచుతారు, లేదా టెర్బినఫిన్, పొటాషియం అయొడైడ్ లాంటి వేరే మందుకి మారుస్తారు.

క్యాప్సూల్ కడుపు నిండా అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంటే, అంటే పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. కొత్తరకం క్యాప్సూల్స్‌లో 65 మిల్లీగ్రాములే 100తో సమానంగా పనిచేస్తాయి. కాబట్టి దుకాణంలో రకం మార్చి ఇస్తే అంకె చూసి లెక్క కట్టొద్దు, డాక్టర్నే అడగండి.

గుండె బలహీనత ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఈ మందు సాధారణంగా ఇవ్వరు. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. నెల దాటి వాడేటప్పుడు లివర్ పరీక్ష చేయిస్తారు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నెలలు ఎందుకు?

ఇట్రాకొనజోల్ ఈ బూజుని కలుపుమందు గడ్డిని మాడ్చినట్టు ఒక్కసారిగా చంపెయ్యదు. బూజు కణం తన పైపొర కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు తయారుచేసుకుంటుంది. మందు ఆ తయారీని ఆపుతుంది. దాంతో బూజు పెరగలేదు. పెరగకుండా ఆగిపోయినదాన్ని ఏరి పారేసే పని మన ఒంట్లోని రక్షణ కణాలది. ఆ పని నెమ్మదిగా సాగుతుంది.

రెండో కారణం బూజు ఉన్న చోటు. తామర చర్మం పైపొరలో ఉంటుంది. ఇది చర్మం లోతున, నాళాల వెంట ఉంటుంది. ఒళ్ళు దాని చుట్టూ రక్షణ కణాలతో గోడ కడుతుంది. చేతికి తగిలే గట్టి బొడిపె ఆ గోడే. అది కరగాలంటే లోపలి బూజు పోవాలి. పై చర్మం మాత్రం అంతకు చాలాముందే మానుతుంది.

మా రైతు సంగతే చూడండి. 4 వారాలకి రసి తగ్గింది. 10 వారాలకి పుండ్లన్నీ ఆరాయి. చూసేవాళ్ళకి నయమైనట్టే. కానీ వేలితో నొక్కితే ముంజేతి మీద రెండు గట్టి బొడిపెలు ఇంకా తగిలాయి. అవి 16వ వారానికి పూర్తిగా చదునయ్యాయి. అక్కణ్ణుంచి డాక్టరు ఇంకో 4 వారాలు కొనసాగించారు. మొత్తం 20 వారాలు, అంటే 140 రోజులు, 280 క్యాప్సూల్స్. 10వ వారంలో ఆపేసి ఉంటే, మిగిలిన బూజు ఆ బొడిపెల్లోంచి మళ్ళీ లేచే ప్రమాదం ఉండేది.

అందుకని కంటితో కాదు, చేతితో చూడండి. రసి, పక్కు లేకపోవడం ఒక్కటే చాలదు. బొడిపెలున్న చోటల్లా చర్మం మెత్తగా, చదునుగా ఉండాలి. నల్లమచ్చ మిగిలితే భయం లేదు, అది మానిన గుర్తు. నెలకోసారి అదే వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకుని డాక్టరుకి చూపించండి.

చెయ్యకూడనివి

దురదకి వాడే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఈ పుండు మీద రాయొద్దు. ఎరుపు తగ్గినట్టు కనిపించినా లోపల బూజుకి అడ్డు తీసేసినట్టే. పేడ, జీవామృతం, బూడిద పుండు మీద పెట్టొద్దు. అవి నేలకి మంచివే గానీ, పచ్చి పుండులోకి ఇంకో సూక్ష్మజీవిని తీసుకెళ్తాయి. బొడిపెని సూదితో పొడవొద్దు.

ముల్లు దిగిన రోజే దాన్ని తీసేసి, సబ్బునీళ్ళతో బాగా కడిగి, టీటీ ఇంజక్షన్ సంగతి చూసుకోండి. మూడు వారాలు దాటినా పుండు మానకపోయినా, చేతి మీద రెండో బొడిపె కనిపించినా, మూడో యాంటీబయాటిక్ కోర్సు కొనకండి. నేరుగా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనవైపు వాళ్ళకి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గరే.