ఏ సీసాకు ఆ కోడ్

ఇంట్లో పెట్టిన పచ్చళ్లు తెలిసినవాళ్లకు అమ్ముతున్నంత కాలం పేరుతోనే పని జరిగిపోతుంది. ‘వెల్లుల్లి వేసిన ఆవకాయ అరకేజీ’ అంటే అడిగేవాళ్లకూ అర్థమవుతుంది, పార్శిల్ కట్టేవాళ్లకూ అర్థమవుతుంది. అదే సరుకును అమెజాన్‌లో, ఫ్లిప్‌కార్ట్‌లో, వాట్సాప్‌లో ఒకేసారి అమ్మకానికి పెడితే చిక్కు మొదలవుతుంది. ఆరు రకాల పచ్చళ్లు ఉన్నాయనుకుందాం. ప్రతి రకం వెల్లుల్లి వేసి ఒకటి, వేయకుండా ఒకటి. మళ్లీ ఒక్కోటి పావుకేజీ, అరకేజీ, కేజీ సీసాల్లో. లెక్క వేస్తే 36 వేర్వేరు సరుకులు.

వీటిని పేర్లతో గుర్తుపట్టమంటే కంప్యూటర్ వల్ల కాదు. ఆవకాయను ఒకరు Avakaya అని, ఇంకొకరు Avakai అని, మరొకరు Aavakaya అని కొడతారు. మనకు మూడూ ఒకటే, షీటుకు మూడు వేర్వేరు సరుకులు.

దీనివల్ల జరిగే నష్టం చూడండి. వెల్లుల్లి ఆవకాయ అరకేజీ సీసాలు 40 ఉన్నాయి. అమెజాన్‌లో 12, ఫ్లిప్‌కార్ట్‌లో 9, వాట్సాప్‌లో 11 అమ్ముడయ్యాయి. మిగలాల్సినవి 8. కానీ స్టాక్ షీటులో ఉన్న పేరుతో అమెజాన్ పేరు ఒక్కటే కలిసింది. అందుకే షీటు ఇంకా 28 ఉన్నాయని చూపిస్తుంది. ఆ ధైర్యంతో మరో 15 ఆర్డర్లు తీసుకుంటే ఏడుగురికి సరుకు పంపలేక మనమే రద్దు చేయాలి. అలాంటి రద్దులు అమ్మకందారు రేటింగును దెబ్బతీస్తాయి.

అందుకే ప్రతి సరుకుకూ మనమే ఒక కోడ్ పెట్టుకోవాలి. దాన్నే ఎస్‌కేయూ అంటారు. ఇది పూర్తిగా మన సొంతం. అమెజాన్ ఇచ్చే ఏఎస్ఐఎన్, ఫ్లిప్‌కార్ట్ ఇచ్చే ఎఫ్ఎస్ఎన్ వాళ్లవి. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ పన్ను లెక్కకు సంబంధించింది. వీటిలో ఏదీ మన అల్మారాలో ఏ సీసా ఎక్కడుందో చెప్పదు.

కోడ్‌లో మూడు ముక్కలు చాలు: పచ్చడి రకం, వెల్లుల్లి సంగతి, గ్రాముల్లో బరువు.

```
AVK-GAR-0250
AVK-GAR-0500
AVK-PLN-1000
GNG-PLN-0500
```

AVK ఆవకాయ, GNG గోంగూర. GAR అంటే వెల్లుల్లి వేసింది, PLN అంటే వేయనిది. ఈ రెండో ముక్కను ఆలోచించి ఎంచుకోవాలి. తొందరలో చాలామందికి తోచేది WG. అది ‘విత్ గార్లిక్’ కావచ్చు, ‘వితౌట్ గార్లిక్’ కూడా కావచ్చు. NV పెడితే పచ్చళ్ల వ్యాపారంలో ఎవరైనా నాన్‌వెజ్ అనుకుంటారు. వెల్లుల్లి ముట్టనివాళ్ల ఇంటికి వెల్లుల్లి పచ్చడి వెళ్లిందంటే డబ్బు వెనక్కిచ్చినంత మాత్రాన ఆ తప్పు పోదు. కాబట్టి ఏ రెండు గుర్తులూ ఒకదానికొకటి పొరపడేలా ఉండకూడదు. అక్షరం O, సున్నా పక్కపక్కన పడకుండా చూసుకోవాలి.

బరువుకు ఎప్పుడూ నాలుగు అంకెలే వాడాలి. 250, 1000 అని వదిలేస్తే అక్షర క్రమంలో పేర్చినప్పుడు కేజీ సీసా పావుకేజీ కంటే ముందొస్తుంది. 0250 అని రాస్తే వరస తప్పదు.

కోడ్‌లో ఏం పెట్టకూడదో తెలియడం ఇంకా ముఖ్యం. ధర, మామిడికాయలు తెచ్చిన ఊరు, తయారీ నెల ఇందులోకి రాకూడదు. ఇవన్నీ మారేవి. అమెజాన్‌లో లిస్టింగ్ తయారయ్యాక ఎస్‌కేయూను దిద్దడం కుదరదు. మార్చాలంటే పాతది తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ లేబుల్ మీద ఎలాగూ ఉండాలి. వాటికి షీటులో వేరే గడి ఇవ్వండి. మరి కొత్త కోడ్ ఎప్పుడు కావాలి? ఒకదాని బదులు ఇంకోటి పంపితే కొన్నవాళ్లు ఒప్పుకోరనిపిస్తే అది కొత్త సరుకే. ధర పెరిగితే పాత కోడే ఉంటుంది. అరకేజీ సీసా 400 గ్రాములకు తగ్గితే కొత్త కోడ్ తప్పదు.

కోడ్‌ను ఎప్పుడూ అక్షరంతోనే మొదలుపెట్టాలి. ఆవకాయకు 01, అరకేజీకి 02 అనుకుని 01-02 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. 0101 అని కొడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ముందు అక్షరాలున్నా నెల పేరులా కనిపిస్తే చాలు, ఇదే గొడవ. MARCH1 అనే మానవ జన్యువు పేరును ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మార్చేస్తుండేది. చివరికి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ దాన్ని MARCHF1గా మార్చిందని 2020లో ప్రకటించింది.

కోడ్‌ను ప్రతిసారీ చేత్తో కొట్టకుండా ఒక మాస్టర్ షీటులో తయారుచేసుకోవాలి. B గడిలో రకం, C గడిలో వెల్లుల్లి గుర్తు, D గడిలో గ్రాములు పెట్టి ఈ ఫార్ములా రాయండి.

```
=B2&"-"&C2&"-"&TEXT(D2,"0000")
```

వచ్చిన కోడ్‌ను కాపీ చేసి విలువగా పేస్ట్ చేసేయాలి. లేకపోతే రేపెవరైనా B గడి దిద్దితే కోడ్ కూడా మారిపోతుంది.

ఇప్పటికే మార్కెట్‌ప్లేసుల్లో అడ్డదిడ్డంగా పెట్టిన పాత కోడ్‌ల మాటేమిటి? నడుస్తున్న లిస్టింగులను కదపనక్కర్లేదు. Map పేరుతో ఇంకో షీటు తెరిచి, A వరసలో అక్కడి కోడ్, B వరసలో ఏ మార్కెట్‌ప్లేస్, C వరసలో మన కోడ్ రాసుకుంటే చాలు. ఆర్డర్ల షీటులో ఈ ఫార్ములా పెడితే ప్రతి ఆర్డరు పక్కనా మన కోడ్ వచ్చి కూర్చుంటుంది.

```
=XLOOKUP(TRIM(A2),Map!A:A,Map!C:C,"MISSING")
```

TRIM కోడ్‌కు అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేస్తుంది. కంటికి కనిపించని ఒక్క ఖాళీ ఉన్నా కోడ్‌లు కలవవు. MISSING అని వచ్చిన వరసలను ఏ రోజుకారోజు సరిచేయాలి. ఒకే కోడ్ రెండు మార్కెట్‌ప్లేసుల్లో రెండు వేర్వేరు సరుకులకు పడి ఉంటే ఈ ఫార్ములా మొదటిదాన్నే తీసుకుంటుంది. కాబట్టి Map తయారుచేసేటప్పుడే A వరసలో ఏ కోడూ రెండుసార్లు రాలేదని చూసుకోవాలి. అలా వస్తే ఒక్కో మార్కెట్‌ప్లేస్‌కు వేరే Map షీటు పెట్టుకోవడం మేలు.

మూడు పచ్చళ్ల కాంబో అమ్మితే దానికీ సొంత కోడ్ ఉండాలి, CMB-TRI-0750 లాంటిది. అయితే కాంబోకు విడిగా స్టాక్ రాయకూడదు. అందులో ఏ మూడు పావుకేజీ సీసాలున్నాయో ఒక పట్టికలో రాసుకుని, కాంబో అమ్ముడైనప్పుడల్లా ఆ మూడు కోడ్‌ల నుంచి ఒక్కోటి తగ్గించాలి.

ఇంత చేశాక వారానికోసారి అల్మారాలో సీసాలు లెక్కపెట్టండి. AVK-GAR-0500లో మూడు తగ్గి, AVK-PLN-0500లో మూడు ఎక్కువున్నాయంటే సరుకు ఎటూ పోలేదు. చాలావరకు వెల్లుల్లి లేనిది కోరిన ముగ్గురికి వెల్లుల్లిది వెళ్లి ఉంటుంది. ఆ వారం PLN ఆర్డర్లు తీసి చూసి, వాళ్లు సీసా మూత తీయకముందే ఫోన్ చేయొచ్చు. ఒకదాంట్లో తగ్గి ఇంకెక్కడా పెరగకపోతే సీసా పగిలిందా, రాయకుండా ఎవరికైనా ఇచ్చారా అని వెతకాలి. రెండు సరుకులకూ ఒకే కోడ్ ఉండి ఉంటే మొత్తం సరిపోయినట్టే కనిపించేది, పొరపాటు ఫిర్యాదు వచ్చాకే బయటపడేది.

ఏదైనా పచ్చడి అమ్మడం మానేస్తే దాని కోడ్‌ను చెరిపేయకుండా ‘ఆపేశాం’ అని పక్కన రాసి ఉంచండి, మరో సరుకుకు మాత్రం ఎప్పటికీ ఇవ్వొద్దు. మళ్లీ ఇస్తే నిరుటి అమ్మకాలు కొత్త సరుకు ఖాతాలో కలిసిపోతాయి, వచ్చే వేసవికి ఎన్ని కాయలు కొనాలో తేల్చే లెక్కే తప్పుతుంది.