ఐదుగురి జట్టు, మూడు నెలల లక్ష్యం

డిజిటల్ మార్కెటింగ్ చేసే చిన్న జట్టును మూడు నెలలకు లక్ష్యాలు రాసుకోమంటే మొదటి కాగితం మీద సాధారణంగా కనిపించేవి ఇవి: ఇరవై రీల్స్, ఎనిమిది వ్యాసాలు, ఇన్‌స్టాగ్రామ్‌లో పది వేల మంది ఫాలోయర్లు, వెబ్‌సైట్‌కు కొత్త రూపు. అన్నీ చెయ్యాల్సిన పనులే. కానీ అన్నీ పూర్తయ్యాక కూడా కంపెనీకి ఒక్క కస్టమర్ కూడా పెరగకపోవచ్చు. అప్పుడు ఆ ఐదుగురూ బాగా చేసినట్టా, చెయ్యనట్టా? ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

ఓకేఆర్ అనే పద్ధతి పుట్టింది ఈ చిక్కు తీర్చడానికే. 1970లలో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దీన్ని నడిపించాడు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కు నేర్పాడు. ఎక్కడికి చేరాలో ఒక్క వాక్యంలో చెప్పేది లక్ష్యం. చేరామని ఎలా తెలుస్తుందో అంకెల్లో చెప్పేవి కీలక ఫలితాలు. రీల్స్, వ్యాసాలు ఈ రెండింటిలోనూ రావు. అవి పనుల జాబితాలో ఉంటాయి, ఫలితం రాకపోతే వాటిని ఏ వారమైనా మార్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే కంపెనీ ఒకటి ఉందనుకోండి. మార్కెటింగ్‌లో ఐదుగురు: జట్టు లీడ్, ప్రకటనలు నడిపే వ్యక్తి, రాసే వ్యక్తి, డిజైన్, వీడియో చూసుకునే వ్యక్తి, సోషల్ మీడియా, వాట్సాప్ చూసుకునే వ్యక్తి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కరెంటు బిల్లులు పెరిగే కాలం కాబట్టి వీళ్లకు అదే ముఖ్యమైన త్రైమాసికం. ఇప్పుడు నెలకు 600 ఎంక్వైరీలు వస్తున్నాయి, ప్రకటనల ఖర్చు 3 లక్షలు. అంటే ఒక ఎంక్వైరీకి 500 రూపాయలు. వినడానికి బాగానే ఉంది.

అసలు సంగతి ఫోన్లు చేసే సేల్స్ వాళ్ల షీట్‌లో ఉంటుంది. ఆ 600 మందిలో ఇంజినీరు ఇంటికెళ్లి పైకప్పు కొలిచే దాకా వచ్చినవాళ్లు 60 మందే. మిగతావాళ్లలో అద్దె ఇళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు, "నేనెప్పుడు అడిగానండీ?" అనేవాళ్లు ఎక్కువ. ఒక్కో సైట్ విజిట్‌కు పడుతున్న ఖర్చు 5,000 రూపాయలు.

నా అభిప్రాయంలో త్రైమాసిక లక్ష్యం పెట్టుకోవడంలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం ఇక్కడే ఉంది. మార్కెటింగ్ జట్టు తన కీలక ఫలితాన్ని తన డ్యాష్‌బోర్డులో వెతుక్కోకూడదు, పక్క జట్టు షీట్‌లో వెతుక్కోవాలి. అలా రాసుకుంటే లక్ష్యం "విజయవాడ చుట్టుపక్కల సొంతిల్లున్నవాళ్లు సోలార్ అనుకోగానే మనల్ని పిలవాలి" అవుతుంది. దాని కింద మూడు ఫలితాలు. జూన్ నెలలో సైట్ విజిట్లు 60 నుంచి 90కి చేరాలి. ఒక్కో విజిట్ ఖర్చు 5,000 నుంచి 4,000కు తగ్గాలి. ప్రకటనలతో సంబంధం లేకుండా గూగుల్ వెతుకులాట నుంచో, పాత కస్టమర్ల మాట మీదో వచ్చే విజిట్లు 12 నుంచి 25 కావాలి. ఐదుగురికి ఇంతకన్నా ఎక్కువ వద్దు.

మొదటి రెండూ జంటగా ఎందుకున్నాయో గమనించండి. ఒక్క సంఖ్యనే పట్టుకుంటే మనుషులు దాన్ని ఎలాగోలా పెంచేస్తారని, అందుకే పక్కన దానికి కళ్లెం వేసే మరో సంఖ్య ఉండాలని గ్రోవ్ 1983లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. విజిట్లు ఒక్కటే లెక్క అయితే డబ్బు కుమ్మరించి 90 తేవచ్చు. ఖర్చు ఒక్కటే లెక్క అయితే ప్రకటనలు సగానికి కోసేసి 4,000 చూపించవచ్చు. రెండూ కలిపి సాధించాలంటే మాత్రం పని తీరు మారాలి.

ఎలా మారుతుందంటే, ఫేస్‌బుక్ ప్రకటన నొక్కితే తెరుచుకునే ఫారంలో పేరు, ఫోన్ నంబరు ముందే నిండి ఉంటాయి. ఏదో చూస్తూ వేలు తగిలినవాడూ ఎంక్వైరీ అయిపోతాడు. అదే ఫారంలో పంపేముందు వివరాలు సరిచూసుకోమని అడిగే రకం ఒకటుంది. దాన్ని ఎంచుకుని, "ఇల్లు మీ సొంతమేనా?", "నెల బిల్లు ఎంత వస్తుంది?" అని రెండు ప్రశ్నలు చేర్చితే ఎంక్వైరీలు 600 నుంచి 400కు పడిపోవచ్చు. పాత కాగితం ప్రకారం అది ఘోర వైఫల్యం. కొత్త కాగితం ప్రకారం ఆ 400లో నుంచి 70 విజిట్లు వస్తే జట్టు సరైన దారిలో ఉన్నట్టే. ఏ అంకె పడిపోయినా భయపడక్కర్లేదో ముందే తెలియడం జట్టుకు పెద్ద ధైర్యం.

మూడో ఫలితానికి లెక్క తెలియడమే కష్టం. వాట్సాప్‌లో వచ్చినవాడు ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరు చెప్పాలి? దానికి సులువైన మార్గముంది. వాట్సాప్ లింకులో ముందే టైపు చేసిన మెసేజ్ పెట్టవచ్చు. వెబ్‌సైట్ లింకులో "సబ్సిడీ వ్యాసం చదివాను", పాత కస్టమర్‌కిచ్చే లింకులో "మా పక్కింటివాళ్లు చెప్పారు" అని పెడితే వచ్చిన మొదటి మెసేజే మూలాన్ని చెప్పేస్తుంది. ఇది ఏప్రిల్ మొదటి వారంలోనే సిద్ధం కావాలి. జూన్‌లో గుర్తొస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. గూగుల్‌లో కొత్త వ్యాసం పైకి రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఈ ఫలితంలో తొలి భాగం పాత కస్టమర్ల నుంచే రావాలి.

మనిషికో ఓకేఆర్ రాయడం చిన్న జట్టులో తరచూ కనిపించే పొరపాటు. అలా చేస్తే డిజైనరు తన వ్యూస్ చూసుకుంటాడు, ప్రకటనలవాడు తన క్లిక్కులు చూసుకుంటాడు. లక్ష్యం జట్టంతటికీ ఒక్కటే ఉండాలి, ఒక్కో ఫలితానికి జవాబుదారీ ఒక్కరే ఉండాలి. ఖర్చు ప్రకటనలవాడి బాధ్యత, మూడోది రాసే వ్యక్తి బాధ్యత, విజిట్ల సంఖ్య లీడ్‌ది. సేల్స్ వాళ్లు ఎంక్వైరీ వచ్చిన గంటలోపు ఫోన్ చేస్తామని మాటిస్తేనే 90 అన్న అంకెకు అర్థముంటుంది. ఆ ఒప్పందం కుదర్చడం కూడా లీడ్ పనే.

ప్రతి సోమవారం ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు. అంకె ఎక్కడుంది, చేరతామన్న నమ్మకం పదికి ఎంత, ఈ వారం ఏం మారుస్తున్నాం, అంతే. నాలుగో వారానికీ విజిట్లు కదలకపోతే ప్రకటననో, ఫారాన్నో మార్చాలి. 90ని 75 చెయ్యకూడదు.

జూన్ చివర 81 వచ్చిందనుకోండి. 81ని 90తో భాగించి 0.9 అని సంబరపడేవాళ్లున్నారు. అది తప్పుడు లెక్క, ఎందుకంటే ఏమీ చెయ్యకపోయినా 60 వచ్చేవి. ఎక్కాల్సింది 30, ఎక్కింది 21, కాబట్టి మార్కు 0.7. కష్టసాధ్యమైన లక్ష్యాలకు గూగుల్‌లో 0.6, 0.7 మధ్య వస్తే మంచి మార్కుగానే చూస్తారు. ప్రతిసారీ 1 వస్తుంటే లక్ష్యం చిన్నదైనట్టు.

ఈ మార్కును జీతాల పెంపుతో ముడిపెట్టవద్దని జాన్ డోర్ గట్టిగా చెబుతాడు. యజమానులు తప్పక వినాల్సిన మాట ఇది. 0.7 వచ్చినందుకు ఇంక్రిమెంట్ కోస్తే వచ్చే త్రైమాసికం ఆ ఐదుగురూ 90 రాయరు, 65 రాసి నిశ్చింతగా చేరుకుంటారు.