దరఖాస్తుకు ముందు చూడాల్సిన లెక్కలు

షేర్ మార్కెట్‌లో లేని కంపెనీ లోపల ఎలా ఉందో బయటివాళ్లకు తెలిసే దారి లేదనుకుంటారు చాలామంది. ఉంది. ప్రతి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఏటా తన జమాఖర్చులను కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సమర్పించాల్సిందే. మార్చితో ఏడాది ముగిస్తే సెప్టెంబరు 30లోగా వార్షిక సమావేశం జరగాలి. తర్వాత 30 రోజుల్లో లెక్కలు చేరాలి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీదో ఉచితంగానే కనిపిస్తాయి. 100 రూపాయలు కడితే ఆ పత్రాలనే తెరిచి చదవవచ్చు.

నా దృష్టిలో లాభనష్టాల కంటే ముందు చూడాల్సింది ఆ తేదీనే. బైజూస్ సంగతి గుర్తు చేసుకోండి. 2021 మార్చితో ముగిసిన ఏడాదికి ఆ సంస్థ లెక్కలు 2021 చివరికల్లా రావాలి. వచ్చింది 2022 సెప్టెంబరులో. నష్టం 4,588 కోట్లు. కొన్నేళ్ల కోర్సుకు ముందే వసూలు చేసిన ఫీజును ఒకే ఏడాది ఆదాయంగా చూపడం కుదరదని తేలడం అంత నష్టానికి ఒక కారణం. మరుసటి నెలలోనే సుమారు 2,500 మందిని తీసేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది, ఇన్వెస్టర్ల తరఫున బోర్డులో ఉన్న ముగ్గురూ రాజీనామా చేశారు. 2024 మొదట్లో జీతాలు ఆలస్యమయ్యాయి, జూలైలో వ్యవహారం దివాలా ప్రక్రియకు చేరింది. ఎంత నష్టమో తెలియక ముందే, లెక్కలు రాలేదన్న విషయం బయట ఉంది. ఆడిటర్ గడువుకు ముందే తప్పుకున్నా, డైరెక్టర్లు వెళ్లిపోయినా ఆ పత్రాలు కూడా అదే వెబ్‌సైట్‌లో చేరతాయి.

లెక్కలు తెరిచాక క్యాష్ ఫ్లో పేజీకి వెళ్లండి. వ్యాపార కార్యకలాపాల వల్ల ఆ ఏడాది డబ్బు వచ్చిందా, పోయిందా అన్నది అక్కడ ఒక అంకెగా ఉంటుంది. ఒక స్టార్టప్‌లో ఏడాదికి 48 కోట్లు పోయాయనుకుందాం. అంటే నెలకు 4 కోట్లు. బ్యాంకులో, డిపాజిట్లలో కలిపి 36 కోట్లు ఉంటే, కొత్త పెట్టుబడి రాకపోతే తొమ్మిది నెలలే నడుస్తుంది. ఈ లెక్క మార్చి నాటిది, మీరు డిసెంబరులో చూస్తున్నారంటే ఆ తొమ్మిది నెలలూ గడిచిపోయాయి. కాబట్టి మధ్యలో కొత్త పెట్టుబడి వచ్చిందా అని వెతకాలి. వచ్చిన ఆధారం ఏదీ దొరకకపోతే, ఆ కంపెనీలో ఖాళీలు ఎన్ని కనిపించినా నేనైతే ముందుకు వెళ్లమనను.

ఈ పాతబడే ఇబ్బందికి విరుగుడు పీఎఫ్ రికార్డు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థల పేర్లు వెతికే పేజీ ఒకటుంది. లాగిన్ అక్కర్లేదు. అందులో ఏ నెల జీతానికి, ఎంతమందికి, ఎంత సొమ్ము, ఏ తేదీన జమ అయిందో వరసగా ఉంటుంది. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆలస్యమైతే ఏటా 12 శాతం వడ్డీ, పైన జరిమానా. అది తెలిసీ ఆపారంటే చేతిలో డబ్బు ఆడట్లేదని అనుమానించవచ్చు. ఇంతకాలం 14నో 15నో కట్టినవాళ్లు ఉన్నట్టుండి 28న కట్టడం, తర్వాత రెండు నెలలది కలిపి కట్టడం కనిపిస్తే జాగ్రత్త పడాలి.

ఉద్యోగుల సంఖ్యనూ అలాగే చదవాలి. ఏప్రిల్‌లో 410, జులైలో 385, అక్టోబరులో 320 ఉండి, అదే కంపెనీ కొత్తవాళ్లు కావాలని ప్రకటనలు ఇస్తోందనుకోండి. అవి వెళ్లిపోయినవాళ్ల స్థానాలు కావచ్చు, ఎవరూ తీసేయని పాత ప్రకటనలూ కావచ్చు. అయితే తొందరపడకూడదు. ఒకే కంపెనీకి రెండు మూడు పీఎఫ్ కోడ్‌లు ఉండి, మనుషులను ఒకదాన్నుంచి మరొకదానికి మార్చి ఉండవచ్చు. కొన్ని పెద్ద సంస్థలు సొంత ట్రస్టుల్లో పీఎఫ్ జమ చేస్తాయి కాబట్టి ఈ పేజీ వాటి పూర్తి చిత్రం చూపదు.

డబ్బున్న కంపెనీ అయినంత మాత్రాన కోతలుండవని కూడా కాదు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తామన్నప్పుడు రెండూ భారీ లాభాల్లోనే ఉన్నాయి. అలాంటిచోట ఖజానా కంటే మీరు చేరబోయే విభాగం ముఖ్యం. అది కంపెనీకి ఆదాయం తెస్తున్నదా, ఇంకా ప్రయోగదశలో ఉన్నదా? ఇంటర్వ్యూలో రెండు మాటలు అడగడంలో తప్పు లేదు: ఇది కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోతే వచ్చిందా? గత ఏడాదిలో ఈ టీమ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారు? అక్కడ పనిచేసే తెలిసినవాళ్లుంటే, గత నెల పీఎఫ్ పాస్‌బుక్‌లో పడిందా అని కనుక్కోండి.